సేల్స్ బాగున్నా సరుకు లోన్ ఎందుకు తగ్గిస్తారు: ఆన్‌లైన్ సెల్లర్ రికార్డుల్లో అప్పిచ్చేవాళ్లు చూసేది ఏమిటి

ప్రశ్న: మూడేళ్లుగా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. సేల్స్ రిపోర్ట్‌లో అంకెలు బాగానే ఉన్నాయి. సీజన్‌కి ముందు స్టాక్ కొనడానికి వర్కింగ్ క్యాపిటల్ లోన్ అడిగితే ఒకళ్లు కుదరదన్నారు, ఇంకొకళ్లు అడిగినదాంట్లో మూడో వంతే ఇస్తామంటున్నారు. అసలు వాళ్లు ఏం చూస్తారు? నేను రికార్డుల్లో ఏం సరిచేసుకోవాలి?

జవాబు:

సేల్స్ రిపోర్ట్ చూసి ఎవరూ అప్పు ఇవ్వరండి. సరుకు మీద పెట్టిన డబ్బు ఎన్ని రోజులకి, ఎంత తరుగుతో మీ బ్యాంకు ఖాతాలోకి తిరిగొస్తోందో చూసి ఇస్తారు. అది మీ కాగితాల్లో తేలిగ్గా కనబడాలి. కనబడకపోతే వాళ్లు అన్నిటికంటే చిన్న అంకె పట్టుకుని లెక్క కడతారు, మీకు మూడో వంతు వస్తుంది. కాబట్టి మీరు చేయాల్సినవి రెండే. ఆర్డర్ రిపోర్ట్, మార్కెట్‌ప్లేస్ తన కోతలు పోను మీకు ఎంత వేసిందో చెప్పే సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్, బ్యాంకు స్టేట్‌మెంట్ ఈ మూడూ ఒకదానితో ఒకటి టాలీ అయ్యేలా ఒక పేజీ తయారు చేసుకోండి. మీ దగ్గరున్న సరుకులో ఏది ఎంత పాతదో చెప్పే స్టాక్ లిస్ట్ ఒకటి పెట్టుకోండి. మిగతావన్నీ వీటి తర్వాతే.

నేను పదకొండేళ్లు ఒక రుణ సంస్థ క్రెడిట్ డెస్క్‌లో చిన్న వ్యాపారుల ఫైళ్లు చూశాను. ఇప్పుడు బల్లకి ఇటుపక్క కూర్చుని, సెల్లర్లకి అవే ఫైళ్లు తయారు చేసి పెడుతున్నాను. విడిగా సూత్రాలు చెప్పేకన్నా, ఆన్‌లైన్‌లో బూట్లు అమ్మే ఒకాయన ఫైల్ మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. మీ సంగతి కూడా అందులో చాలావరకు కనబడుతుంది. కరెన్సీ ఏదైనా లెక్క మారదు కాబట్టి అంకెలు మాత్రమే రాస్తున్నాను.

ఇరవై లక్షలు పది లక్షలైన కథ

ఆయన డాష్‌బోర్డ్‌లో నెలకి 20,00,000 సేల్ చూపిస్తోంది. దాన్నే అప్లికేషన్‌లో రాసి, అంతే మొత్తం లోన్ అడిగారు. నేను ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక నెల సెటిల్‌మెంట్లు తెరిచాను.

డాష్‌బోర్డ్‌లో పెద్ద అక్షరాలతో కనిపించే ఆ అంకె సాధారణంగా వచ్చిన ఆర్డర్ల విలువ. ఆ ఆర్డర్లలో 1,60,000 పంపకముందే క్యాన్సిల్ అయ్యాయి. పంపినవాటిలో 3,40,000 సరుకు వెనక్కి వచ్చింది. బూట్లకి సైజు సరిపోదు, అందుకని రిటర్నులు ఎక్కువ, అందులో ఆయన తప్పేం లేదు. మిగిలిన అసలు అమ్మకం 15,00,000. అందులోంచి మార్కెట్‌ప్లేస్ కమిషన్, రవాణా, గిడ్డంగి ఛార్జీలు కలిపి 3,75,000 కోసుకుంది. యాడ్స్ ఖర్చు 1,05,000 కూడా చేతికి రాకముందే పోయింది. ఉండాల్సింది 10,20,000. మార్కెట్‌ప్లేస్‌లు రిటర్నుల భయంతో కొంత డబ్బు కొన్నాళ్లు ఆపి ఉంచుతాయి కదా, ఆ నెల మొదట్లో ఆపింది విడుదలైంది, నెలాఖరుకి మళ్లీ కొంత ఆపారు, ఆ రెంటికీ తేడా 20,000. చివరికి బ్యాంకులో పడింది 10,00,000.

ఆయన మొహం చూడాలి ఆ రోజు. మూడేళ్లుగా తన వ్యాపారం ఇరవై లక్షలది అనుకుంటున్నారు.

అప్పిచ్చేవాళ్లు ఈ లెక్కని కింది నుంచి పైకి చేస్తారు. ముందు బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి మార్కెట్‌ప్లేస్ నుంచి పడిన జమలన్నీ కూడతారు. 10,00,000 వస్తుంది. తర్వాత మీరు రాసిన 20,00,000 వైపు చూస్తారు. మధ్యలో ఉన్న పది లక్షలు ఏమయ్యాయో మీరు చెప్పలేకపోతే వాళ్లకి రెండే ఆలోచనలు వస్తాయి. అమ్మకాలు పెంచి చూపిస్తున్నారు, లేదా డబ్బు వేరే ఖాతాలోకి పోతోంది. రెండూ మీకు మంచివి కావు. డెస్క్ మీద ఉన్న మనిషికి రోజుకి పది ఫైళ్లు ఉంటాయి, మీకు ఫోన్ చేసి అడిగే ఓపిక ఉండదు. తక్కువ అంకె వేసుకుని ముందుకు పోతాడు. నేనూ అదే చేసేవాణ్ణి.

ఈయన దగ్గర ఇంకో తప్పు కూడా దొరికింది. ఇది నేను చూసిన ఫైళ్లలో చాలా మామూలు తప్పు. పుస్తకాలు రాసే మనిషి బ్యాంకులో పడిన 10,00,000నే అమ్మకంగా రాసుకుంటూ వచ్చాడు. పన్ను రిటర్నుల్లోనూ అదే అంకె వెళ్లింది. అంటే డాష్‌బోర్డ్ ఇరవై అంటోంది, అసలు అమ్మకం పదిహేను, రిటర్నులో పది. బ్యాంకులో పడిన మొత్తం అమ్మకం కాదు. కమిషన్లు, ఛార్జీలు పోయాక మిగిలిన శేషం. పుస్తకాల్లో అమ్మకం వైపు 15,00,000 రావాలి, కమిషన్, రవాణా, యాడ్స్ ఖర్చుల వైపు రావాలి. అలా రాయకపోతే మీ లాభం అంకె అంతే ఉన్నా, టర్నోవర్ మూడో వంతు తగ్గిపోతుంది. లోన్ పరిమితిని టర్నోవర్‌లో ఇంత శాతం అని కట్టే సంస్థలో అది నేరుగా మీ లోన్‌ని కోసేస్తుంది. అంతకన్నా ముఖ్యం, మార్కెట్‌ప్లేస్ రిపోర్ట్‌కీ పన్ను రిటర్నుకీ పొంతన లేకపోతే మీరు పన్ను ఎగ్గొడుతున్నారేమో అన్న అనుమానం ఫైల్ మీద పడుతుంది. ఇలాంటిది మీ దగ్గరా ఉంటే, లోన్‌కి వెళ్లే ముందే మీ అకౌంటెంట్‌తో కూర్చుని పాత రిటర్నులు ఎలా సరిదిద్దాలో తేల్చుకోండి. అప్పిచ్చేవాళ్లు తవ్వి తీశాక చెప్పే వివరణకి విలువ ఉండదు. కస్టమర్ దగ్గర వసూలు చేసి కట్టే అమ్మకం పన్ను మీ ఆదాయం కాదన్నది కూడా ఈ సందర్భంలోనే గుర్తుపెట్టుకోండి. కొన్ని రిపోర్టుల్లో అది ధరతో కలిసే కనబడుతుంది.

ఆ ఒక్క పేజీ ఎలా చేయాలి

నెలకొక వరుస, పన్నెండు వరుసలు. సీజన్ సరుకైతే ఇరవై నాలుగు. ఎందుకంటే పోయినేడు ఇదే సీజన్‌లో కొన్న సరుకు ఎప్పటికి ఖాళీ అయిందో చూస్తారు. ప్రతి వరుసలో ఆర్డర్ల విలువ, క్యాన్సిల్, రిటర్నులు, ఛార్జీలు, యాడ్స్, నెల మొదట్లో ఆపి ఉన్న డబ్బు, నెల చివర ఆపి ఉన్న డబ్బు, బ్యాంకులో పడింది. చివర తేడా అని ఒక కాలమ్. అది సున్నా రావాలి.

మొదటిసారి చేసినప్పుడు రాదు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. సెటిల్‌మెంట్ గడువు నెలతో పాటు మొదలై నెలతో పాటు ముగియదు, ఒక నెల చివర మొదలై ఇంకో నెలలో బ్యాంకులో పడుతుంది. అందుకని ముందు నెలల వారీగా కుస్తీ పట్టకండి, సెటిల్‌మెంట్ల వారీగా కలపండి. ఉదాహరణకి అమెజాన్ సెటిల్‌మెంట్ ఫైల్ దించుకుంటే `settlement-id`, `deposit-date`, `total-amount` అనే కాలమ్స్ ఉంటాయి. ఒక సెటిల్‌మెంట్ ఐడీ కింద ఉన్న `amount` అంకెలన్నీ కూడితే `total-amount` రావాలి, ఆ `total-amount` మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒక జమగా కనబడాలి. ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ పోండి. వేరే చోట అమ్మితే కాలమ్ పేర్లు వేరు, పద్ధతి ఇదే. సొంత వెబ్‌సైట్ ఉంటే పేమెంట్ గేట్‌వే పంపే పేఔట్ రిపోర్ట్‌తో ఇలాగే చేయాలి.

బూట్లాయన ఫైల్‌లో ఇలా కలుపుతుంటే రెండు సెటిల్‌మెంట్లు బ్యాంకులో ఎక్కడా కనబడలేదు. అడిగితే చాలాసేపు గుర్తు రాలేదు, చివరికి తేలింది. మధ్యలో బ్యాంకు ఖాతా మార్చినప్పుడు రెండు పేఔట్లు తమ్ముడి పేరున ఉన్న ఖాతాలో వేయించుకున్నారు. ఆయనకి అది ఇంటి విషయం. క్రెడిట్ డెస్క్‌కి మాత్రం అది పెద్ద గంట మోగినట్టే, ఎందుకంటే రేపు అప్పు తీసుకున్నాక కూడా డబ్బుని ఇంకో ఖాతాకి మళ్లించగలరని అర్థం. ఆ రెండు పేఔట్ల మార్పిడి కాగితాలు జతచేసి, పేజీ కింద రెండు వాక్యాల్లో వివరం రాశాం. అడగకముందే చెప్పిన విషయం వివరణ అవుతుంది, అడిగాక చెబితే సాకులా వినబడుతుంది.

స్టేట్‌మెంట్లు ఎప్పుడూ మూలం నుంచి దించిన ఫైల్‌గానే ఇవ్వండి, ప్రింట్ తీసి స్కాన్ చేసింది వద్దు. వీలైతే చూడటానికి మాత్రమే పనికొచ్చే లాగిన్ ఇవ్వండి, చాలామంది ఇప్పుడు అదే అడుగుతున్నారు. ఎవరైనా పీడీఎఫ్‌లో ఒక అంకె దిద్దితే అక్కడి నుంచి కింది బ్యాలెన్స్‌లు కూడికకి రావు, ఆ పరీక్ష చేసే సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర ఉంటుంది. తెలిసినవాళ్లతో ఆర్డర్లు పెట్టించి సేల్ పెంచడం కూడా అంతే. యాడ్స్ పెరగకుండా, పేజీ చూసినవాళ్ల సంఖ్య పెరగకుండా, ఒకే నాలుగైదు అడ్రస్‌లకి ఆర్డర్లు పెరిగితే ఎవరికైనా కనబడుతుంది. పైగా మార్కెట్‌ప్లేస్‌కి తెలిస్తే ఖాతాకే ఎసరు.

సరుకు వయసు

ఇది చాలామంది సెల్లర్లు అసలు ఊహించని చోటు. స్టాక్ ఎక్కువుంటే బలం అనుకుంటారు. అప్పిచ్చేవాళ్లకి ఎంత సరుకు ఉందన్నదాని కంటే ఎన్నాళ్లుగా ఉందన్నది ముఖ్యం.

బూట్లాయన 60 రోజుల్లో సరుకు తిప్పేస్తానని రాశారు. ఆయన స్టాక్ లిస్ట్‌లో కొన్న ధరకి 18,00,000 సరుకు ఉంది. నెలకి అమ్ముడుపోయే సరుకు కొన్న ధరలో 6,75,000, అంటే రోజుకి 22,500. పద్దెనిమిది లక్షల్ని 22,500తో భాగిస్తే 80 రోజులు. ఈ భాగహారం ఎవరైనా అర నిమిషంలో చేస్తారు. మీరు 60 అన్నారు, మీ కాగితం 80 అంటోంది. ఆ 20 రోజులు ఎక్కడున్నాయో వెతకాలి.

వెతికితే సైజుల్లో దొరికాయి. బూట్లలో మధ్య సైజులు ముందు పోతాయి, అటు చివర ఇటు చివర సైజులు మిగిలిపోతాయి. సరఫరాదారు మాత్రం అన్ని సైజులూ కలిపి కట్టిన పెట్టెలే ఇస్తాడు. ప్రతి కొత్త బ్యాచ్‌తో పాటు కొంచెం చెత్త కూడా వస్తుందన్నమాట. ఆయన గిడ్డంగికి వెళ్తే వెనక వరుసలో పెట్టెలు తాడుతో కట్టినవి కట్టినట్టే ఉన్నాయి, లేబుల్ మీద తేదీ ఏడాదిన్నర కిందటిది. 180 రోజులు దాటిన సరుకు మొత్తం 5,20,000 తేలింది. ఇంకో మూల రిటర్న్ వచ్చిన కవర్లు గుట్టగా పోసి ఉన్నాయి. లిస్ట్‌లో అవి కొత్త బూట్లలాగే లెక్కలో ఉన్నాయి. నేను ఒక జత తీసి తిరగేస్తే అడుగున మట్టి. ఎవరో రెండు రోజులు తొడుక్కుని తిప్పి పంపారు. అలా చూడకుండా పడేసినవి 80,000.

అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2 కూడా చెప్పేది ఇదే. సరుకుని కొన్న ఖర్చు, లేదా అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చే మొత్తం, ఈ రెంటిలో ఏది తక్కువైతే దానికి చూపించాలి. మట్టి అంటిన జతని కొత్త ధరకి చూపించడం కుదరదు.

ఇప్పుడు అప్పు పరిమితి లెక్క చూడండి. 18,00,000లోంచి పాత సరుకు 5,20,000, చూడని రిటర్నులు 80,000 తీసేస్తే 12,00,000. సరఫరాదారుకి ఇంకా బాకీ ఉన్న సరుకు 1,00,000. డబ్బు కట్టని సరుకు మీద అప్పు ఇవ్వరు కాబట్టి అదీ తీసేస్తారు. 11,00,000 మిగిలింది. దాని మీద ఆ సంస్థ 60 శాతం ఇస్తుంది, మిగతాది మీ సొంత వాటా. 6,60,000. ఇరవై లక్షలు అడిగినాయనకి దాదాపు మూడో వంతు. మీకు వచ్చిన జవాబు వెనక కూడా ఇలాంటి లెక్కే ఉండి ఉంటుంది. శాతం సంస్థని బట్టి, సరుకు ఎంత త్వరగా పోతుందన్నదాన్ని బట్టి మారుతుంది కానీ తీసేసే వరుస మాత్రం ఇంచుమించు ఇదే.

స్టాక్ చూడటానికి మనిషి వస్తే ఏం చేస్తాడో కూడా చెబుతాను. మీ లిస్ట్‌లోంచి పది ఐటమ్స్ ఎంచుకుని అరల్లో లెక్కపెడతాడు. ఆ తర్వాత అరల్లోంచి పది ఐటమ్స్ చేతికొచ్చినవి తీసి, అవి లిస్ట్‌లో ఉన్నాయా చూస్తాడు. మొదటిది లేని సరుకు రాసుకున్నారేమో పట్టుకుంటుంది, రెండోది లిస్టే సరిగా లేదన్న సంగతి పట్టుకుంటుంది. మార్కెట్‌ప్లేస్ గిడ్డంగిలో ఉన్న సరుకుకి వాళ్ల ఇన్వెంటరీ రిపోర్టే సాక్ష్యం. దారిలో ఉన్న సరుకుకి ఇన్‌వాయిస్, రవాణా కాగితం, డబ్బు కట్టిన రుజువు మూడూ కావాలి. అడ్వాన్స్ కట్టి ఇంకా తయారవని సరుకుని చాలామంది లెక్కలోకే తీసుకోరు.

బ్యాంకు స్టేట్‌మెంట్

దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఇక్కడ చూసేవి అందరికీ తెలిసినవే. ఆటో డెబిట్లు ఫెయిల్ అయ్యాయా, నెలలో ఎన్ని రోజులు ఖాతా అడుగంటి ఉంటోంది, ఇంటి ఖర్చులూ వ్యాపారం ఖర్చులూ కలగాపులగంగా ఉన్నాయా. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. స్టేట్‌మెంట్‌లో రోజూ లేదా వారం వారం ఒకే పేరుతో డబ్బు కోత కనబడితే, మీరు ఇంకో చోట సేల్స్ మీద అడ్వాన్స్ తీసుకున్నారని వాళ్లకి తెలిసిపోతుంది. దాన్ని అప్లికేషన్‌లో దాచిపెడితే ఫైల్ అక్కడికక్కడే మూసేస్తారు. ఉన్నది ఉన్నట్టు రాసి, ఎంత మిగిలిందో లెటర్ పెడితే మాత్రం మాట్లాడతారు. అప్లికేషన్‌కి వారం ముందు చుట్టాల దగ్గర్నుంచి పెద్ద మొత్తాలు వేయించుకుని బ్యాలెన్స్ నిండుగా చూపించాలని చూసేవాళ్లు ఉంటారు. దానివల్ల లాభం ఏమీ లేదు. సగటు చూసేటప్పుడు ఆ జమల్ని పక్కనపెట్టేస్తారు.

ఎంత అడగాలి, ఎలాంటిది తీసుకోవాలి

బూట్లాయన ఇరవై లక్షలు ఎందుకు అడిగారంటే సేల్ ఇరవై లక్షలు కాబట్టి. అది లెక్క కాదు. ఆయన డబ్బు ఎన్ని రోజులు ఇరుక్కుంటోందో చూద్దాం. సరుకు ఆర్డర్ చేసిన రోజు 30 శాతం అడ్వాన్స్. తయారీకి 30 రోజులు పట్టాక, పంపేముందు మిగతా 70 శాతం. దారిలో 20 రోజులు, గిడ్డంగిలో ఎక్కించడానికి 5, అమ్ముడుపోవడానికి సగటున 60, అమ్మాక డబ్బు చేతికి రావడానికి 14. అంటే 70 శాతం డబ్బు 99 రోజులు, 30 శాతం డబ్బు 129 రోజులు ఇరుక్కుంటోంది. రెంటినీ వాటి వాటాల ప్రకారం కలిపితే 108 రోజులు. రోజుకి 22,500 చొప్పున 24,30,000.

ఆయన సొంత డబ్బు 20,20,000 వ్యాపారంలో ఉంది. అందులో 5,20,000 ఆ తాళ్లు విప్పని పెట్టెల్లో ఉంది. తిరుగుతున్నది 15,00,000. అంటే కావాల్సింది 9,30,000. ఆ పాత పెట్టెలే లేకపోతే 4,10,000 సరిపోయేది! ఆయనకి కావాల్సిన ఆ 9,30,000లో సగానికి పైగా కొత్త సరుకు కోసం కాదు, పాత తప్పు మోయడానికన్నమాట.

ఈ లెక్క మీరు కూడా అప్లికేషన్‌తో పాటు ఇవ్వండి. "నాకు 9,30,000 కావాలి, ఎందుకంటే నా డబ్బు 108 రోజులు ఇరుక్కుంటుంది" అన్న సెల్లర్‌నీ, "సేల్ బాగుంది, ఇరవై ఇవ్వండి" అన్న సెల్లర్‌నీ డెస్క్ మీది మనిషి ఒకేలా చూడడు.

ఇక ఏ రకం లోన్ అన్నది. ఆయనకి ఒక సంస్థ త్వరగా ఇస్తామంది. 6,00,000 ఇస్తారు, ఫీజు 10 శాతమే, రోజువారీ అమ్మకాల్లోంచి కోసుకుంటూ 5 నెలల్లో పూర్తి. వినడానికి చవగ్గా ఉంది. కానీ మొదటి వారం నుంచే తిరిగి కడుతూ పోతే ఆ 5 నెలల్లో సగటున మీ చేతిలో ఉండేది 6,00,000 కాదు, దాదాపు 3,00,000. మూడు లక్షలకి 5 నెలలకి 60,000 ఇస్తున్నారు. అంటే 20 శాతం. ఏడాదికి చూస్తే 48 శాతం దగ్గరికి పోతుంది. ఉజ్జాయింపు లెక్కే కానీ, 10 కంటే నిజానికి చాలా దగ్గర.

వడ్డీ కంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఆయన సరుకు ఆర్డర్ చేసిన 55 రోజులకి గానీ అమ్మకానికి రాదు. కోతలు మాత్రం మొదటి వారం నుంచే. కొత్త బూట్లు గిడ్డంగికి చేరేసరికి కట్టాల్సిన 6,60,000లో 2,42,000 దాకా పాత సరుకు అమ్మకాల్లోంచే పోయి ఉంటుంది. ఆ డబ్బు మామూలుగా అయితే నడుస్తున్న సైజులు తిరిగి తెప్పించడానికి వాడాల్సింది. సరుకు కోసం తెచ్చిన అప్పు సరుకునే తినేస్తుంది. మధ్య సైజులు అయిపోయి, ర్యాంకింగ్ పడిపోయి, దాన్ని లేపడానికి మళ్లీ యాడ్స్ పెట్టి, ఆ లోటుకి రెండో అడ్వాన్స్ తీసుకున్న సెల్లర్లని నేను చాలామందిని చూశాను. స్టేట్‌మెంట్‌లో రెండు రోజువారీ కోతలు పక్కపక్కనే కనబడితే కథ ఇదేనని చూడగానే తెలిసిపోతుంది.

అందుకని ఎవరి దగ్గరికి వెళ్లినా వడ్డీ కంటే ముందు మొదటి కోత ఏ రోజు అని అడగండి. సరుకు మీ దగ్గరికి చేరడానికి పది, పదిహేను రోజులు పట్టే వ్యాపారమైతే రోజువారీ కోత అంత ప్రమాదం కాదు. ఈయనలాగా సరుకు చేరడానికి చాలా రోజులు పడితే, కావాల్సినప్పుడు తీసుకుని, వచ్చినప్పుడు కట్టే రివాల్వింగ్ లిమిట్ మేలు. అడ్వాన్స్ రోజు 30 శాతం, పంపే రోజు 70 శాతం తీసుకోవచ్చు, వాడిన రోజులకే వడ్డీ. దానికి కాగితాలు ఎక్కువ, నెల నెలా స్టాక్ స్టేట్‌మెంట్ పంపాలి. పైన చెప్పిన రెండు రికార్డులు మీ దగ్గరుంటే అదేమంత కష్టం కాదు.

మార్కెట్‌ప్లేస్ తానే ఇచ్చే లోన్ల గురించి కూడా అడుగుతారేమో. వాళ్లకి మీ డేటా అంతా ముందే కనబడుతుంది, అందుకే ఒక క్లిక్‌తో ఇస్తారు. కానీ వాళ్ల పేఔట్‌లోంచే కోసుకుంటారు కాబట్టి బయట బ్యాంకుకి మీ జమలు ఇంకా చిన్నవిగా కనబడతాయి. టాలీ పేజీలో ఆ కోతకి విడిగా కాలమ్ పెట్టండి, లేకపోతే అది కూడా ఛార్జీల్లో కలిసిపోయి మీ మార్జిన్ పడిపోయినట్టు ఉంటుంది.

ఖాతా ఆరోగ్యం కూడా అడుగుతారు. అమ్మకం అంతా ఒకే మార్కెట్‌ప్లేస్ మీద ఉంటే, ఆ ఖాతా సస్పెండ్ అయిన రోజు అప్పు వసూలు ఆగిపోతుంది కదా. అమెజాన్‌లో ఆర్డర్ డిఫెక్ట్ రేట్, అంటే కస్టమర్ ఫిర్యాదులు వచ్చిన ఆర్డర్ల వాటా, 1 శాతం లోపు ఉండాలి. మీది 0.8 దగ్గర ఊగిసలాడుతుంటే పరిమితి తగ్గిస్తారు, లేదా ముందు సరిచేసుకుని రమ్మంటారు. మిమ్మల్ని కుదరదన్న మొదటి సంస్థ కారణం ఏం చెప్పిందో మీరు రాయలేదు. లిఖితపూర్వకంగా అడగండి, ఇలాంటిదేదైనా ఉండొచ్చు.

బూట్లాయన ఆ త్వరిత లోన్ తీసుకోలేదు. ముందు నాలుగు నెలలు కూర్చుని పాత సైజుల్ని లాట్లుగా కట్టి అమ్మేశారు. 5,20,000 సరుకుకి అన్నీ పోను 2,30,000 వచ్చింది. నష్టానికి ఇవ్వాల్సొచ్చిందని చాలా బాధపడ్డారు. కానీ అవసరం 9,30,000 నుంచి 7,00,000కి దిగింది. సరఫరాదారుతో మాట్లాడి, చివరి సైజులు సగానికి తగ్గించి పెట్టె కట్టేలా ఒప్పించారు, దానికి జతకి కొంచెం ఎక్కువ ఇచ్చారు. రిటర్న్ వచ్చిన కవర్ అదే రోజు విప్పి చూడటానికి ఒక మనిషిని పెట్టారు. మళ్లీ అప్లై చేసేసరికి మంచి సరుకు 13,00,000, బాకీ 1,00,000. మిగిలిన 12,00,000 మీద అదే 60 శాతం చొప్పున 7,20,000 లిమిట్ వచ్చింది. పుస్తకాలు దిద్దుకోవడం మాత్రం వాళ్ల అకౌంటెంట్‌కి ఇంకో రెండు నెలలు పట్టింది. మీరు సీజన్ ముందు అనుకుంటున్నారు కాబట్టి, సెటిల్‌మెంట్ ఫైళ్లు దించుకోవడం ఈ వారమే మొదలుపెట్టండి. కొన్ని చోట్ల పాతవి కొంతకాలం తర్వాత దించుకోవడానికి దొరకవు.